పదకొండింటికి పడుకుందామనుకుని ఒంటిగంట దాకా మేలుకుంటున్నారా? ఈ అలవాటును మార్చుకునే పద్ధతి

రాత్రి పదింపావుకు పిల్లలు పడుకుంటారు. వంటింట్లో లైటు ఆర్పేసి, హాల్లో దివాన్ మీద కాళ్లు చాపుకుని ఫోన్ తీస్తాం. పదకొండింటికల్లా పడుకోవాలనే అనుకుంటాం. కళ్లు మండుతుంటాయి, ఆవలింతలు వస్తుంటాయి. అయినా లేవబుద్ధి కాదు. పొద్దున్నుంచి ఆఫీసుకీ ఇంటికీ ఇచ్చిందంతా పోగా మిగిలింది ఈ గంటే అనిపిస్తుంది. చూస్తుండగానే ఒంటిగంట అవుతుంది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఫ్లోర్ క్రూసె అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2014లో ఈ అలవాటు మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాళ్లు గమనించిన విషయం ఒకటి మనకు పనికొస్తుంది. ఇలాంటివాళ్లకు నిద్ర మీద అయిష్టమేమీ ఉండదు, చేస్తున్న పనిని ఆపడమే కష్టం. కాబట్టి ‘ఎలా నిద్రపోవాలి’ అన్న సలహాలు, అంటే వేడి పాలు, లావెండర్ నూనె లాంటివి ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. ఎందుకు ఆపలేకపోతున్నామో చూడాలి. రోజంతా మనకంటూ ఒక అరగంట దొరకనివాళ్ల విషయంలో ఆ జవాబు రాత్రిలో ఉండదు, సాయంత్రంలో ఉంటుంది. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే.

మీ సమస్య ఇదేనా?

మూడు విషయాలు కలిస్తేనే ఇది నిద్రను వాయిదా వేసే అలవాటు. ఒకటి, మీరు అనుకున్న వేళ కంటే ఆలస్యంగా పడుకుంటున్నారు. రెండు, ఆపడానికి వీల్లేని బయటి కారణం ఏదీ లేదు. మూడు, రేపు పొద్దున ఇబ్బంది పడతామని తెలిసే చేస్తున్నారు.

రెండో విషయం దగ్గరే చాలామంది పక్కకు పోతారు. గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో సింగరేణి గనిలో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు నిద్ర పట్టక అవస్థ పడటం ఇది కాదు. చంటిపిల్ల తల్లి మేలుకోవడమూ ఇది కాదు. లైటు ఆపి, ఫోన్ పక్కన పెట్టి, కళ్లు మూసుకున్నా నిద్ర రాకపోతే అది నిద్రలేమి, దాని దారి వేరు. సెలవుల్లో ఎవరి బలవంతమూ లేనప్పుడు రెండింటికి పడుకుని పదింటికి హుషారుగా లేచేవాళ్లు ఉంటారు. వాళ్ల ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. కింద చెప్పేవాటిలో చివరి మెట్టు ఒక్కటే వాళ్లకు కొంత ఉపయోగం.

అలవాటు అదే అయినా దాని వెనక కారణం అందరికీ ఒకటి కాదు. ఆలస్యంగా పడుకునేవాళ్లను కూర్చోబెట్టి కారణాలు అడిగి, 2019లో అచ్చయిన ఒక అధ్యయనం మూడు రకాలు చెప్పింది. కొందరు కావాలనే మేలుకుంటారు: ‘ఈ టైము నాది, నాకు రావాల్సిందే’ అనుకుంటారు. కొందరికి టైము తెలియదు: ఒక వీడియో తర్వాత ఇంకోటి వస్తూనే ఉంటుంది. ఇంకొందరు ‘ఇప్పుడే పడుకుంటే నిద్ర రాదులే, బాగా అలిసిపోయాక పడుకుందాం’ అని ఆగుతారు. ఈ మూడో రకం చూడటానికి వాయిదాలా ఉన్నా నిజానికి నిద్రలేమికి దగ్గర. మీరు ఏ రకమో తెలియాలంటే ఒక వారం రాసి చూడాలి.

మొదటి మెట్టు: ఒక వారం క్యాలెండర్ మీద రాయండి

దీనికి ఫోన్‌లో యాప్ పెట్టుకోవద్దు. రాయడానికి తీసిన ఫోన్ మళ్లీ కింద పెట్టడం ఎంత కష్టమో తెలిసిందే. వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. తిథి, వర్జ్యం పక్కన ఉన్న ఖాళీలోనే రోజుకు మూడు అంకెలు, ఒక మాట రాయండి.

మొదటి అంకె, చేతులు ఖాళీ అయిన సమయం. రెండోది, లైటూ ఫోనూ రెండూ ఆపిన సమయం. మంచం ఎక్కిన సమయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే మంచం ఎక్కి ఇంకో గంట ఫోన్ చూసేవాళ్లే ఎక్కువ. మూడోది, పొద్దున లేచిన సమయం. ఆ మాట కారణం: ‘కావాలనే’, ‘తెలియలేదు’, ‘నిద్ర రాదని’. ఈ మూడింట్లో ఏదో ఒకటి. పొద్దున చాయ్ పెట్టుకుంటూ రాస్తే సరిపోతుంది. ఈ వారం అలవాటును మార్చే ప్రయత్నమేదీ చేయవద్దు. మారిస్తే అసలు లెక్క దొరకదు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా పోదాం. హనుమకొండ నయీంనగర్‌లో ఉండే ముప్పై నాలుగేళ్ల ఆవిడ అనుకోండి. ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగు కౌంటర్లో ఉద్యోగం. భర్త కాజీపేటలో పనిచేస్తాడు. మూడో తరగతి చదివే బాబు, ఇంట్లో అత్తమ్మ. ఆమె సాయంత్రం ఏడుంబావుకు ఇల్లు చేరుతుంది. వంట, హోంవర్క్, భోజనాలు, గిన్నెలు, బాబును పడుకోబెట్టడం అయ్యేసరికి పదింపావు. పొద్దున ఐదుంముప్పావుకు లేవాలి, నల్లా వస్తుంది, ఆపైన బాక్సులు కట్టాలి. రాత్రి పదకొండింటికి పడుకోవాలన్నది ఆమె అనుకునేది.

వారం తర్వాత క్యాలెండర్లో లైటూ ఫోనూ ఆపిన వేళలు ఇలా ఉన్నాయి: ఆదివారం 12:30, సోమవారం 12:50, మంగళవారం 12:40, బుధవారం 1:05, గురువారం 11:20, శుక్రవారం 12:45, శనివారం 1:30. సగటున 12:40. అంటే అనుకున్న దానికంటే రోజూ గంటా నలభై నిమిషాలు ఆలస్యం, రాత్రికి ఐదు గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు.

సగటు చూసి దిగులు పడేకంటే మిగతా వాటితో కలవని రోజులను చూడటం మేలు. బుధవారం ఎందుకంత ఆలస్యమైంది? ఆరోజు కౌంటర్ దగ్గర బిల్లు విషయంలో ఒక పేషెంటు బంధువు అందరి ముందూ అరిచాడు, ఆమె నోరు మెదపలేకపోయింది. గడిలో రాసిన మాట ‘కావాలనే’. శనివారం ఓటీటీలో సినిమా, అందులో వింత లేదు. మరి గురువారం ఎందుకు తొందరగా పడుకుంది? ఆ సాయంత్రం భర్త బాబును క్షవరానికి తీసుకెళ్లాడు. కరీంనగర్ నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే డాబా మీద కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడింది. ఆ రాత్రి పది నిమిషాలు ఫోన్ చూసి, అంతలోనే పక్కన పెట్టేసింది. ఎవరూ చెప్పలేదు, అలారమూ పెట్టుకోలేదు.

ఈ ఒక్క గురువారం మిగతా ఆరు రాత్రుల కంటే ఎక్కువ చెబుతుంది. మీ క్యాలెండర్లోనూ అలాంటి రోజు ఒకటి ఉండే అవకాశం ఉంది. ఆరోజు సాయంత్రం ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

రెండో మెట్టు: మీ అరగంటను సాయంత్రానికి తెచ్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పు మెట్టు ఎక్కుతారు. రాత్రి ఫోన్ మానేస్తామని ఒట్టు పెట్టుకుంటారు. దాంతో రోజులో తమకున్న ఒకే ఒక్క ఖాళీ సమయం కూడా పోతుంది. మూడు రోజులు నడుస్తుంది, నాలుగో రోజు కసిగా రెండింటి దాకా చూస్తారు. ‘కావాలనే’ అని రాసుకున్నవాళ్లు రాత్రి టైమును తీసేయకముందే దానికి బదులు ఇంకోచోట పెట్టుకోవాలి. వరస తప్పితే ఈ పద్ధతి పనిచేయదు.

ఎంత పెట్టుకోవాలి? అరగంటతో మొదలుపెట్టండి. ఆ అరగంటలో ఏం చేస్తారన్నది పెద్ద విషయం కాదు. రాత్రి వేళకు అంత రుచి ఎందుకు వచ్చిందో ఆలోచించండి. అప్పుడు ‘అమ్మా’ అని పిలిచేవాళ్లు లేరు, కుక్కర్ విజిల్ లెక్కపెట్టక్కర్లేదు, ఆఫీసు గ్రూపులో మెసేజీ రాదు. సాయంత్రపు అరగంటకూ ఆ గుణమే ఉండాలి: ఎవరూ పిలవకూడదు. హాల్లో కూర్చుని బాబు హోంవర్క్ మీద ఒక కన్ను వేసి చాయ్ తాగడం ఈ లెక్కలోకి రాదు. మధ్యలో మూడుసార్లు లేవాల్సి వస్తే ఆరోజు అరగంట దొరకనట్టే, రాత్రి దాన్ని వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

మన ఉదాహరణలో భర్త ఏడుంముప్పావుకు ఇంటికి వస్తాడు. అన్నం, కూర ఎనిమిదికల్లా పొయ్యి మీద అవుతాయి. భోజనం ఎనిమిదింముప్పావుకు. అంటే ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో హోంవర్క్ తప్ప వేరే పని లేదు. ఆ ఒక్క పని చేతులు మారితే చాలు. ఇంట్లో ఈ మాట ఎలా అడుగుతారన్నది ముఖ్యం. ‘నాకు కొంచెం రెస్ట్ కావాలి, ఎవరూ పట్టించుకోరు’ అంటే అది గొడవకే దారి తీస్తుంది. పనీ, వేళా, చోటూ మూడూ చెప్పి అడగాలి:

“ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాంక నేను డాబా మీద ఉంట. బాబు హోంవర్క్ మీరు చూడుండ్రి. ఏమన్న కావాలంటే కిందికి వచ్చినంక చెప్పుండ్రి.”

అత్తమ్మ నుంచి ఒక మాట వస్తుంది: “ఇంత పనిల డాబా మీద ఏం పని బిడ్డా?” దానికి పెద్ద వివరణ ఇవ్వబోతే అది చర్చ అవుతుంది. “అరగంట గాలికి కూసొని వస్త అత్తమ్మా, రాత్రి జల్ది పడుకోవాలె” అంటే సరిపోతుంది. నాలుగైదు రోజులు ఇంట్లో ఇబ్బందిగానే ఉంటుంది. హోంవర్క్‌లో తప్పులు దొర్లుతాయి, భర్త మెట్ల దగ్గరికొచ్చి ‘నోట్‌బుక్ ఎక్కడుంది’ అని అడుగుతాడు. అప్పుడు కిందికి దిగి వెతికిపెడితే ఆ అరగంట మళ్లీ మామూలు పనిలో కలిసిపోతుంది. ‘బ్యాగులో చూడుండ్రి’ అని అక్కడి నుంచే చెప్పాలి. నన్నడిగితే ఈ మార్గదర్శి మొత్తంలో కష్టమైన పని ఇదే. ఫోన్ కట్టడి చేయడం దీని ముందు తేలిక.

డాబా మీద ఫోన్ చూడవచ్చా? చూడవచ్చు. అయితే రాత్రి చూసే రీల్స్‌నే ఎనిమిదింటికి చూస్తే కొందరికి తనివి తీరదు, లేచాక ఏం చేశామో గుర్తుండదు. ఒక వారం ఫోన్‌తో, ఒక వారం లేకుండా చూసుకోండి. ఏ వారంలో రాత్రి అంకె తగ్గిందో క్యాలెండరే చెబుతుంది. చెల్లెలితోనో పాత స్నేహితురాలితోనో మాట్లాడటం చాలామందికి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పగలు కౌంటర్లో మింగిన మాటలు అక్కడ బయటికి వస్తాయి. బుధవారం లాంటి రోజుకు మందు అదే.

ఇంట్లో వీలుపడకపోతే దారిలో వెతకండి. వరంగల్, కాజీపేటల నుంచి రోజూ రైల్లో సికింద్రాబాద్ పోయి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లకు తిరుగు ప్రయాణంలో రెండు గంటలకు పైనే ఉంటుంది కానీ అదంతా ఆఫీసు ఫోన్లకే పోతుంది. అందులో జనగామ నుంచి కాజీపేట దాకా ఫోన్ ఎత్తనని పెట్టుకుంటే అది సొంత టైమే. బండి మీద వచ్చేవాళ్లు భద్రకాళి చెరువు కట్ట దగ్గర ఇరవై నిమిషాలు ఆగి ఇంటికి పోవచ్చు. ఇంట్లో అడుగుపెట్టాక దొరకని ఖాళీ, పెట్టకముందు దొరుకుతుంది.

‘పొద్దున నాలుగున్నరకు లేచి నా పని చేసుకుంటా’ అనుకునేవాళ్లకు ఒక మాట. అది నిద్ర సరిపడా పడుతున్నవాళ్ల పద్ధతి. ఐదు గంటల నిద్రలోంచి ఇంకో గంట కోస్తే మధ్యాహ్నానికి ఒళ్లు తూలుతుంది. ఆ ఆలోచన నెల తర్వాత చేయండి.

మూడో మెట్టు: కూర్చోకముందే పడక పనులు ముగించండి

దివాన్ మీద కూలబడిన మనిషికీ మంచానికీ మధ్య ఎన్ని పనులు ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. పాలు తోడు పెట్టాలి, రేపటి టిఫిన్‌కు పప్పు నానబెట్టాలి. గ్యాస్ కట్టేశామా లేదా చూడాలి, మోటార్ ఆపాలి, గేటుకు తాళం వేయాలి. ఆ తర్వాత పళ్లు తోముకోవడం, బట్టలు మార్చుకోవడం, దోమతెర కట్టుకోవడం. విడివిడిగా అన్నీ రెండు నిమిషాల పనులే. రాత్రి పదకొండింటికి, అలసిపోయి కూర్చున్న ఒంటికి మాత్రం అవన్నీ కలిసి కొండలా కనిపిస్తాయి. ‘లేవాలి’ అనుకున్న ప్రతిసారీ మంచం కంటే ముందు ఈ పనులే గుర్తొస్తాయి, ‘ఇంకో ఐదు నిమిషాలు’ అనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఎంత అలసిపోతే అంత ఆలస్యంగా పడుకోవడానికి ఇదీ ఒక కారణం.

అందుకే ఇవన్నీ కూర్చోకముందే అయిపోవాలి. మన ఉదాహరణలో తొమ్మిదిన్నరకు గిన్నెలు తోమేటప్పుడే పాలు తోడు, పప్పు అయిపోతాయి. బాబు పళ్లు తోముకునేటప్పుడే తనూ తోముకుంటుంది, నైటీ మార్చుకుంటుంది. తాళం, మోటారు భర్త వంతు. దోమతెర బాబును పడుకోబెట్టే ముందే రెండు మంచాలకూ దించేస్తుంది. ఇక పదింపావుకు కూర్చున్నప్పుడు ఆమెకూ నిద్రకూ మధ్య మిగిలింది హాల్లో లైటు ఒక్కటే. కూర్చున్నచోటి నుంచి నేరుగా మంచం మీదికి పోవచ్చు.

పళ్లు తోముకున్నాక మళ్లీ ఏదైనా తినాలనిపించడం కూడా తగ్గుతుంది. మిక్చర్ డబ్బా పక్కన పెట్టుకుని సీరియల్ చూసే అలవాటున్నవాళ్లకు ఇది అదనపు లాభం.

నాలుగో మెట్టు: ముగింపు ఉన్నదే చూడండి

రాత్రి టైము పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. సాయంత్రం అరగంట దొరికినా రాత్రి కూడా కాసేపు కావాలనిపిస్తుంది, అది న్యాయమే. అయితే ఏం చూస్తున్నారన్నది ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. సీరియల్ ఎపిసోడ్ ఇరవై రెండు నిమిషాలకు అయిపోతుంది. పుస్తకంలో అధ్యాయం అయిపోతుంది. రీల్స్, షార్ట్స్ అయిపోవు. ఎక్కడ ఆపాలో అవి చెప్పవు, ఆపే భారం మొత్తం అలసిన మన మీదే పడుతుంది. క్యాలెండర్లో ‘తెలియలేదు’ అని ఎక్కువసార్లు రాసుకున్నవాళ్లకు ఈ మెట్టే అసలైనది.

యూట్యూబ్‌లో ఒక వీడియో తర్వాత ఇంకోటి దానంతటదే మొదలవకుండా Autoplay ఆపేయండి. అందులోనే Remind me when it's bedtime అనే ఏర్పాటు కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో Digital Wellbeing కింద Bedtime mode ఉంటుంది. మీరు పెట్టిన వేళకు తెర నలుపు తెలుపుల్లోకి మారుతుంది, రీల్స్ మీద సగం మోజు అక్కడే పోతుంది. ఇవన్నీ ఒక్క వేలితో దాటేయగలిగినవే. గుర్తు చేయడానికి పనికొస్తాయి, ఆపడానికి పనికిరావు.

ఆపడానికి గోడ మీదో అల్మారాలోనో పెట్టే మామూలు అలారం గడియారం మేలు. దాన్ని పడకగదిలో, మంచం పక్కన కాకుండా నాలుగడుగుల దూరంలో పెట్టండి. హాల్లోకి వినబడాలి, ఆపాలంటే లేచి పోవాలి. బాబు నిద్ర చెడుతుందనుకుంటే తలుపు బయట కుర్చీ మీద పెట్టుకోండి. దాంతోపాటు ఒక వాక్యం ముందే తయారు చేసుకోండి, ‘ఇలా అయితే అలా చేస్తా’ అన్న తీరులో. ఆ వాక్యంలో మీకు నిజంగా అడ్డం వచ్చేది ఉండాలి. ‘పదకొండుకు పడుకుంటా’ అంటే అందులో అడ్డంకి లేదు కాబట్టి పనిచేయదు. మన ఆవిడకు అడ్డం వచ్చేది అలారం ఆపి మళ్లీ వచ్చి కూర్చోవడం. ఆమె వాక్యం ఇది: ‘అలారం ఆపడానికి లేస్తే, చేతిలో ఉన్న ఫోన్‌ను అక్కడే చార్జింగ్‌కు పెట్టి మంచం ఎక్కుతా.’ చార్జర్ ఆ అలారం పక్కనే ఉండాలి, మంచం దగ్గర ఇంకో చార్జర్ ఉండకూడదు. ఈ ఏర్పాటు ఒక్కటీ కుదిరితే మంచంలో ఫోన్ చూసే గంట కూడా పోతుంది.

ఐదో మెట్టు: పావుగంట చొప్పున వెనక్కి

12:45కు పడుకునే మనిషి ఈరోజు ఉన్నట్టుండి పదకొండింటికి పడుకుంటే నిద్ర రాదు. రోజూ నిద్రపోయే వేళకు రెండు మూడు గంటల ముందు శరీరం బాగా మెలకువగా ఉంటుంది. ఆ వేళలో లైటు ఆపి పడుకుంటే పైకప్పు చూస్తూ దొర్లడమే అవుతుంది. ‘చూశావా, నాకు నిద్ర రాదు’ అని మళ్లీ ఫోన్ తీస్తారు. మూడో రకం వాళ్లు తయారయ్యేది కొంతవరకు ఇలాగే.

నాలుగు రాత్రులకోసారి పావుగంట తగ్గించండి. 12:45 నుంచి 12:30, ఆ తర్వాత 12:15, అలా ఆరు మెట్లలో 11:15కు వస్తారు. మొత్తం ఇరవై నాలుగు రాత్రులు. ఏదైనా మెట్టు దగ్గర నాలుగింట్లో రెండు రాత్రులు తప్పితే ఇంకో నాలుగు రాత్రులు అక్కడే ఉండండి. కిందికి దూకవద్దు, పైకీ పోవద్దు. అలారం గడియారం ముల్లు కూడా మెట్టుతోపాటే జరుగుతుంది.

ఈ ఇరవై నాలుగు రోజులూ పొద్దున లేచే వేళ మాత్రం కదలకూడదు, ఆదివారం కూడా. మరీ అయితే ఆదివారం ఒక గంట. తొమ్మిదింటి దాకా పడుకుంటే ఆ రాత్రికి నిద్ర వేళ మళ్లీ ముందున్న చోటికే పోతుంది, వారమంతా చేసినది ఒక్క పొద్దుటితో చెడుతుంది. లేవగానే పది నిమిషాలు వెలుగులో ఉండండి. నల్లా నీళ్లు పట్టేవాళ్లకు అది ఎలాగూ వాకిట్లో దొరుకుతుంది. చలికాలంలో ఐదుంముప్పావుకు చీకటే కాబట్టి చాయ్ కప్పు పట్టుకుని తెల్లవారాక బయటికి రండి. చాయ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇంటికి రాగానే ఏడున్నరకు తాగే గట్టి చాయ్‌లో సగం రాత్రి పన్నెండున్నరకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చివరి చాయ్ సాయంత్రం నాలుగింటికి అయిపోవాలి.

లెక్క చూడండి. 11:15కు లైటు ఆపి 5:45కు లేస్తే ఆరున్నర గంటలు. ఇంకో అరగంట కావాలి. దాన్ని రాత్రి నుంచి ఇంకా పిండడం కంటే పొద్దుట వెతకడం తేలిక. నల్లా నీళ్లు భర్త పట్టి, కూరగాయలు ముందురోజు రాత్రి అత్తమ్మ తరిగి పెడితే ఆమె ఆరుంబావుకు లేవవచ్చు. లేచే వేళ కదలకూడదన్న మాట ఆ ఇరవై నాలుగు రాత్రులకు సంబంధించినది. ఆ తర్వాత ఒకసారి మార్చి, మార్చిన చోట నిలబెట్టుకోవాలి. ఏడు గంటలు అక్కడ పూర్తయ్యాయి.

ఎక్కడ చెడుతుంది, ఎలా తెలుస్తుంది

ఎక్కువగా చెడేది సాయంత్రపు అరగంట దగ్గర. దాన్ని ఎవరూ నేరుగా లాక్కోరు. ఒకరోజు చుట్టాలు వస్తారు, ఒకరోజు బట్టలు మడతపెట్టాల్సి ఉంటుంది, ‘ఇవాళ ఒక్కరోజుకు పోనీలే’ అనుకుంటారు. రాత్రి అంకె ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. అందుకే ఈ నెలంతా క్యాలెండర్లో డాబా మీదికి వెళ్లిన రోజుకు ఒక టిక్కు కూడా పెట్టుకోండి. రాత్రి ఆలస్యమైనప్పుడు ఫోన్‌ను తిట్టుకునే ముందు ఆరోజు టిక్కు ఉందో లేదో చూడండి. టిక్కు ఉన్నా ఆలస్యమవుతుంటే రెండింట్లో ఒకటి: ఆ అరగంటలో ఎవరో పిలుస్తున్నారు, లేకపోతే మీది ‘తెలియలేదు’ రకం, నాలుగో మెట్టు సరిగా కుదరలేదు.

కోపం వచ్చిన రోజు వేరు. ఆఫీసులో మాట పడ్డ రోజునో ఇంట్లో గొడవైన రోజునో అలారం మోగినా లేవబుద్ధి కాదు. ఆరోజు మెట్టు దగ్గరే ఉండాలని పట్టుపట్టవద్దు. అదనంగా ఒక ఎపిసోడ్ చూడండి, అయిపోయే ఎపిసోడ్ మాత్రమే, తర్వాత పడుకోండి. శనివారం రాత్రి సినిమాను కూడా ఉంచుకోండి, ఆ వారం మెట్టు కంటే ఒక గంట దాకా ఆలస్యానికి లెక్కలోనే చోటివ్వండి. దాన్ని కూడా తీసేస్తే మిగతా ఆరు రాత్రులు నిలబడవు.

బతుకమ్మ తొమ్మిది రోజులు, పెళ్లిళ్ల సీజను, పిల్లల పరీక్షలు వచ్చినప్పుడు ఈ ఏర్పాటంతా తప్పుతుంది. తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పడుకునే వేళను పట్టుకోవద్దు. ముందు లేచే వేళను పాత చోటికి తెచ్చి, సాయంత్రపు అరగంటను మళ్లీ పెట్టుకుని, ఆ తర్వాతే అలారం ముల్లు తిప్పండి.

ఈ పద్ధతి సరిపోనిది ఎవరికి

పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఇంటి పనంతా ఒక్కరే మోసేవాళ్లకు సాయంత్రం అరగంట ఎక్కడి నుంచో పుట్టదు. ఇంట్లో ఇంకొకరు పని పంచుకోకపోతే ఈ మెట్లేవీ నిలబడవు, అది వాళ్ల నిగ్రహం లోపం కాదు. అక్కడ మాట్లాడాల్సింది నిద్ర గురించి కంటే ముందు పని పంపకం గురించి.

లైటు ఆపాక అరగంటకు మించి నిద్ర పట్టకపోవడం వారంలో మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలుగా ఉంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మందుల కంటే ముందు సూచించే చికిత్స ఉంది, నిద్రలేమి కోసమే ఉద్దేశించిన సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. గట్టిగా గురక పెడుతూ, ఏడు గంటలు పడుకున్నా పగలు కునుకుతుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. రాత్రి మేలుకోవడంతోపాటు ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే దాన్ని అలవాటు సమస్యగా చూడవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలో చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాన్ని చించి వెంట తీసుకెళ్లండి. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు అన్నదే అక్కడ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి.